పచ్చ వలయం కన్నా ముందు ఆఫీసు మెయిలు సంగతి చూడండి



పోయిన నెల మన గ్రూపులో ఒక రెజ్యూమె వచ్చింది, చాలామంది చూసే ఉంటారు. మన పెద్దాయన ఒకరు తన మేనల్లుడి కాగితాలు పెట్టి, "విశాఖలో గానీ హైదరాబాదులో గానీ ఎవరైనా చూడండి బాబూ" అని రాశారు. ప్రేమతోనే పెట్టారు, అందులో అనుమానం లేదు. కానీ ఆ కాగితంలో కుర్రాడి ఫోన్ నంబరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, క్వార్టరు నంబరు, ఇప్పుడు పనిచేస్తున్న ప్లాంటు, అక్కడి జీతం అన్నీ ఉన్నాయి. మన గ్రూపులో ఆ ప్లాంటు వాళ్లు పదిమందికి పైగా ఉన్నారు, వాళ్లలో ఒకరు ఆ కుర్రాడి షిఫ్టు ఇన్‌ఛార్జి. మరుసటి రోజు ఉదయం టీ దగ్గర, "ఏమయ్యా, వెళ్లిపోతున్నావట గదా" అన్న మాట అతనికి వినబడింది. అప్పటికి అతనికి ఇంటర్వ్యూ పిలుపు కూడా రాలేదు.

ఇందులో తప్పు మాది కూడా. గ్రూపు నడిపేది మేమే, ఆ సందేశాన్ని తీయడానికి మాకు సాయంత్రం వరకు తోచలేదు. అందుకే ఈ పెద్ద ఉత్తరం. ఉద్యోగం చేస్తూనే ఇంకో ఉద్యోగం వెతుక్కునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్ల సంగతి బయటికి పొక్కేది వాళ్లు భయపడే చోట కాదు, అసలు గుర్తుకే రాని చోట అన్నది మా అభిప్రాయం.

ముందు మన ఊళ్ల సంగతి ఒక్క మాట. హైదరాబాదులో ఒకడు ఉద్యోగం మారితే పక్క ఫ్లాటు వాడికి కూడా తెలియదు. మనకి అలా కాదు. దామన్‌జోడి, సునాబేడ, జేకేపూర్, తేరుబలి, టికిరి, ఇవన్నీ ఒక్కో ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన ఊళ్లు. మజ్జిగౌరమ్మ గుడి వరుసలో మన ముందు నిలబడ్డ ఆయనే మన హెచ్ఆర్ మేనేజరు కావచ్చు, ఆయన భార్య మన పిల్లల టీచరు కావచ్చు. ఇలాంటి చోట "వెతుకుతున్నాడట" అన్న ఒక్క మాటతో ప్రమోషను జాబితాలోంచి పేరు జారిపోతుంది, ట్రైనింగుకి వేరేవాళ్లని పంపుతారు. కొత్త ఉద్యోగం రాకపోతే పాతచోటే ఆ మాట మోసుకుంటూ తిరగాలి.

"చేస్తున్న చోట తెలియకుండా వెతకడం ద్రోహం కాదా" అని మన పెద్దల్లో కొందరు అడుగుతున్నారు. మేము అలా అనుకోవడం లేదు. నోటీసు పీరియడు పూర్తిగా చేసి, పని అప్పజెప్పి వెళ్లడం ఉద్యోగి బాధ్యత. ఇంకా ఖాయం కాని ఆలోచనని పై అధికారికి ముందే చెప్పడం ఆ బాధ్యతలోకి రాదు. పిల్లకి సంబంధాలు చూస్తున్నామని వీధి వీధికీ చెప్పుకుంటామా?

ఇక అసలు విషయం. ఆ గొడవ తరవాత ఆదివారం ఆ కుర్రాడే మా దగ్గరికి వచ్చాడు. మెకానికల్ మెయింటెనెన్సులో ఎనిమిదేళ్ల అనుభవం ఉంది. తల్లిదండ్రులు విజయనగరం వైపు ఉంటారు, తండ్రికి ఈ మధ్య గుండె ఆపరేషను అయింది, కాబట్టి విశాఖ చుట్టుపక్కల ఏదైనా దొరికితే చాలు. "లింక్డ్‌ఇన్‌లో ఓపెన్ టు వర్క్ పెట్టేస్తాను బాబాయ్, గ్రూపులో ఎలాగూ తెలిసిపోయింది గదా" అన్నాడు. ఆగమన్నాం. తెలిసింది పదిమందికి, దాన్ని వెయ్యిమందికి చెయ్యక్కర్లేదు. నలుగురం కూర్చుని అతని ఖాతా మొదటి నుంచీ చూశాం.

మొదట చూసింది మెయిలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో సీనియరు చెబితే అతను కంపెనీ ఇచ్చిన మెయిలుతోనే ఖాతా తెరిచాడు. మనవాళ్లలో చాలామంది చేసేది ఇదే. అంటే లింక్డ్‌ఇన్ పంపే ప్రతి ఉత్తరమూ, ఫలానా కంపెనీలో మీకు తగిన ఖాళీ ఉందన్నవీ, ఫలానా రిక్రూటరు సందేశం పంపారన్నవీ, కంపెనీ సర్వరులోకే వస్తున్నాయి. ఆ మెయిలు పెట్టె కంపెనీ సొత్తు. ఎవరూ చూడకపోవచ్చు. కానీ మీటింగులో ప్రొజెక్టరు మీద ఇన్‌బాక్సు తెరిచినప్పుడు ఆ వరుసలు అందరికీ కనిపిస్తాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఉద్యోగం మానిన రోజు ఆ మెయిలు ఆగిపోతుంది. తరవాత పాస్‌వర్డు మరిచిపోతే దాన్ని మార్చుకునే ఉత్తరం మనకి అందని పెట్టెలో పడుతుంది.

ఫోన్ నంబరూ అలాంటిదే. అతని ఖాతాకి ఉన్నది కంపెనీ ఇచ్చిన సీయూజీ సిమ్ నంబరు. ఆ సిమ్ వెళ్లేటప్పుడు తిరిగి ఇచ్చెయ్యాలి, ఓటీపీ వచ్చేదీ దానికే. ఇంటర్వ్యూ పిలుపులు కూడా ఆ నంబరుకే వస్తే, షిఫ్టు మధ్యలో అందరి ముందూ ఎత్తాలి.

కాబట్టి ముందుగా `Settings & Privacy` లో `Sign in & security` తెరిచి, సొంత జీమెయిలు కలిపి, వచ్చిన ధ్రువీకరణ లింకు నొక్కి, దాన్నే ప్రైమరీ చేశాం. ఆ తరవాతే ఆఫీసు మెయిలు తీసేశాం. ఈ వరుస తప్పకూడదు, కొత్తది ధ్రువీకరణ కాకముందు పాతది తీయడం కుదరదు. నంబరు కూడా సొంతది పెట్టించాం. అక్కడే, ఖాతా ఏయే చోట్ల తెరిచి ఉందో చూపించే `Where you're signed in` ఉంటుంది. అతనిది ఆఫీసు డెస్కు కంప్యూటరులో తెరిచే ఉంది. ఆ కంప్యూటరు ముందు రాత్రి షిఫ్టులో వేరేవాళ్లు కూర్చుంటారు. అక్కడినుంచి లాగౌట్ చేయించాం.

ఇంతవరకు ప్రొఫైలులో ఒక్క అక్షరం కూడా మార్చలేదని గమనించండి. అది కావాలనే. ఏళ్ల తరబడి దుమ్ము పట్టిన ప్రొఫైలు ఒక్క రాత్రిలో కొత్త ఫొటో, కొత్త హెడ్‌లైను, నాలుగు కొత్త సర్టిఫికెట్లతో మెరిసిపోతే, చూసేవాడికి వేరే ప్రకటన అక్కర్లేదు. పైగా కొన్ని మార్పుల్ని లింక్డ్‌ఇన్ మన పరిచయస్తుల పేజీలోకి తనే పంపిస్తుంది. `Visibility` లో ప్రొఫైలు మార్పుల్ని నెట్‌వర్కుకి చెప్పాలా అన్న స్విచ్ ఉంటుంది, దాన్ని ముందు ఆపాలి. ఉద్యోగ వివరాలు మార్చే పేజీలో విడిగా `Notify network` అని ఇంకొకటి ఉంటుంది, సేవ్ నొక్కే ముందు దాన్నీ చూసుకోవాలి. ఈ స్విచ్‌ల పేర్లూ చోట్లూ కంపెనీ అప్పుడప్పుడు మారుస్తుంటుంది, పేరు అచ్చంగా ఇలాగే లేకపోతే కంగారు పడకండి, విషయం చూసి పోల్చుకోండి. స్విచ్ ఆపినా ఒకేసారి అన్నీ మార్చొద్దన్నాం. వారానికి ఒకటి చొప్పున నెలన్నరలో పూర్తి చెయ్యమన్నాం. విసుక్కున్నాడు గానీ ఒప్పుకున్నాడు.

ఇప్పుడు చిరునామా సంగతి. మనం ఏమీ చెయ్యకపోతే లింక్డ్‌ఇన్ మన పేరు వెనక ఏవో అంకెలూ అక్షరాలూ తగిలించి ఒక చిరునామా ఇస్తుంది. రెజ్యూమె మీద అది సగం లైను తినేస్తుంది, ఫోన్లో చెప్పడానికీ నోరు తిరగదు. ప్రొఫైలు పేజీలో కుడి పక్కన కనబడే `Public profile & URL` లోకి వెళ్తే మార్చుకోవచ్చు. మూడు అక్షరాలకి తక్కువ కాకుండా, వందకి మించకుండా ఉండాలి. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మధ్యలో అడ్డగీత పనికొస్తాయి, ఖాళీ జాగా పనికిరాదు. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లేదు. ఆరు నెలల్లో అయిదుసార్లకి మించి మార్చనివ్వరు, కాబట్టి ముందు కాగితం మీద రాసుకుని చూసుకోండి.

మన కుర్రాడు చిరునామాలో కంపెనీ పేరు కలపబోయాడు. వద్దన్నాం. రేపు కంపెనీ మారాక అది అబద్ధం అవుతుంది. పుట్టిన సంవత్సరం కూడా వద్దన్నాం, వయసు ఎవరూ అడగకముందే మనం ఎందుకు చెప్పాలి? ఉద్యోగం కావాలి అన్న అర్థం వచ్చే మాటలూ వద్దు. ఆ చిరునామా లింకు ఎక్కడ పెడితే అక్కడ కనిపిస్తుంది. చివరికి ఈ అచ్చులో పెట్టించాం:

```
linkedin.com/in/peru-intiperu-mech
```

పేరు, ఇంటిపేరు చోట అతని సొంతవి ఉన్నాయనుకోండి. పేరు ఒక్కటే చాలదా అంటే, మన పేర్లతో వందలమంది ఉంటారు, ఉత్త పేరు ఎప్పుడో ఎవరో తీసేసుకుని ఉంటారు. చివర వృత్తిని తెలిపే చిన్న మాట ఉంటే ఏ కంపెనీకి మారినా చెల్లుతుంది.

ఇక్కడ మన ప్రాంతం వాళ్లకి మాత్రమే ఉండే తలనొప్పి ఒకటుంది, అరగంట దానికే పోయింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా ఈ జయపురం సంస్థానం అంతా విశాఖపట్నం జిల్లాలో భాగం. తరవాత మన పిల్లలు ఒడియా బడుల్లో చదివారు. ఒడియాలో వ, బ దాదాపు ఒకే అక్షరం, ఒకే పలుకు. దాంతో వెంకటరావు బెంకటరావు అయ్యాడు, శ్రీనివాస్ శ్రీనిబాస్ అయ్యాడు, వాసుదేవ్ బాసుదేబ్ అయ్యాడు. పదో తరగతి సర్టిఫికెట్టులో బి, ఆధార్‌లో వి, ఆఫీసు గుర్తింపు కార్డులో ఇంటిపేరు ముందు, పాన్ కార్డులో ఇంటిపేరు వెనక. 1992 అక్టోబరు 2న రాయగడ వేరే జిల్లా అయింది గనక, అంతకుముందు సర్టిఫికెట్లలో ఊరు రాయగడ, జిల్లా కొరాపుట్ అని కూడా ఉంటుంది. ఇవన్నీ ఉన్నవాళ్లు చిరునామాలోనూ ప్రొఫైలు మీదా ఏ పేరు పెట్టాలి? కొత్త కంపెనీ పత్రాలు సరిచూసేటప్పుడు అడిగేది సర్టిఫికెట్లూ పాన్ కార్డూ. కాబట్టి వాటిలో ఎక్కువ చోట్ల ఉన్న అచ్చునే ప్రొఫైలుకీ, రెజ్యూమెకీ, చిరునామాకీ పెట్టాలన్నది మా మాట. పిలిచే పేరు ఏదైనా కానివ్వండి. రెజ్యూమె మీద ఒకలా, లింకు తెరిస్తే ఇంకోలా ఉంటే రిక్రూటరు వేరే మనిషేమో అనుకుని పక్కన పెడతాడు.

చిరునామా మార్చాక పాత రెజ్యూమెలన్నీ తీసి లింకు మార్చుకోండి. పాతది పనిచేస్తుందని నమ్ముకోవద్దు. ఆ పేజీలోనే, లాగిన్ కాని బయటివాళ్లకీ గూగుల్‌కీ ఏం కనిపించాలో ఎంచుకునే స్విచ్‌లు ఉంటాయి. మా సలహా ఏమిటంటే పేరు, హెడ్‌లైను, ఇప్పటి ఉద్యోగం వరకు ఉంచి, ఫొటోనీ మిగిలిన వివరాలనీ లాగిన్ అయినవాళ్లకే వదిలెయ్యడం. పూర్తిగా ఆపేస్తే రెజ్యూమె మీద లింకు నొక్కినవాడికి ఖాళీ గోడ కనబడుతుంది, అప్పుడు చిరునామా మార్చుకున్న శ్రమంతా వృథా. గూగుల్‌లో పాత రూపం వెంటనే పోదు, వారాలు పట్టవచ్చు. అందుకని ఈ పని మొదట్లోనే చేసెయ్యాలి.

సంప్రదింపు వివరాల దగ్గర మాలో మాకే తగువు వచ్చింది. ఒకరు ఫోన్ నంబరు అందరికీ కనబడాలన్నారు, లేకపోతే పిలుపు ఎలా వస్తుందని. ఇంకొకరు ఏదీ పెట్టొద్దన్నారు. ప్రొఫైలులోని `Contact info` లో పెట్టిన ఫోన్ నంబరు మన మొదటి వరుస పరిచయస్తులకి కనిపిస్తుంది. ఆ పరిచయస్తులెవరు? మన ప్లాంటు వాళ్లే. వాళ్లకి మన నంబరు ఎలాగూ తెలుసు. కొత్త రిక్రూటరు మొదటి వరుసలో ఉండడు, అతనికి అది కనబడదు. అంటే ఆ నంబరు అక్కడ పెట్టడం వల్ల వచ్చే లాభం దాదాపు లేదు. రిక్రూటరు లింక్డ్‌ఇన్ సందేశం పంపుతాడు, మనం జవాబులో నంబరు ఇస్తాం. మెయిలుకి వేరే స్విచ్ ఉంది, నాకు మాత్రమే అన్న దగ్గర్నుంచి లింక్డ్‌ఇన్‌లో ఎవరైనా అన్న దాకా మెట్లు ఉంటాయి. మొదటి వరుస దాకా చాలన్నాం. పరిచయస్తులు తమ డేటా దించుకునేటప్పుడు మన మెయిలు కూడా వెళ్లాలా అన్నది పక్కనే ఉంటుంది, దాన్ని ఆపేశాం. ఇంటి చిరునామా, పుట్టినరోజు తీసేశాం. క్వార్టరు నంబరుతో రిక్రూటరుకి పని లేదు.

మన నంబరో మెయిలో తెలిసినవాడు దాన్నిబట్టి మన ప్రొఫైలు పట్టుకోవచ్చా అన్న స్విచ్ కూడా ఉంది. దీన్ని ఎవరూ చూడరు. సహోద్యోగి తన ఫోన్ కాంటాక్టులన్నీ లింక్డ్‌ఇన్‌కి అప్పజెప్పితే అతనికి మనం పరిచయస్తుడిగా సూచనలో కనబడతాం. వెతుక్కుంటున్న కాలంలో దీన్ని తగ్గించుకుంటే మంచిది.

ఇప్పుడు ఆ పచ్చ వలయం. `Open to work` పెట్టేటప్పుడు రెండు దారులు అడుగుతుంది. `All LinkedIn members` అంటే ఫొటో చుట్టూ పచ్చ వలయం పడుతుంది, ఊరంతటికీ తెలుస్తుంది. `Recruiters only` అంటే వలయం ఉండదు, డబ్బు కట్టి రిక్రూటర్ సేవ వాడేవాళ్లకి మాత్రమే తెలుస్తుంది. మన సొంత కంపెనీ రిక్రూటర్లకీ, దాని అనుబంధ కంపెనీల వాళ్లకీ కనబడకుండా చూస్తామని లింక్డ్‌ఇన్ చెబుతుంది, కానీ పూర్తి గోప్యతకి హామీ ఇవ్వలేమని కూడా అక్కడే రాస్తుంది. ఆ రెండో వాక్యం ఎవరూ చదవరు.

ఈ కప్పు ఎక్కడ కారుతుందో మన ప్రాంతం లెక్కలో చెప్తాం. మన కంపెనీ ఏదో లింక్డ్‌ఇన్‌కి తెలిసేది మనం ప్రొఫైలులో రాసిన దాన్నిబట్టే. మన ప్లాంట్లలో పనిచేసేవాళ్లలో చాలామంది కాంట్రాక్టరు జీతం మీద ఉన్నవాళ్లు. గేట్‌పాస్ ప్లాంటుది, జీతం చీటీ కాంట్రాక్టరుది. గొప్పగా ఉంటుందని ప్రొఫైలులో ప్లాంటు పేరు రాస్తారు. అప్పుడు లింక్డ్‌ఇన్ ప్లాంటు రిక్రూటర్లకి దాచిపెడుతుంది, మీ జీతం ఇచ్చే కాంట్రాక్టరు ఆఫీసుకి దాచదు. సరిగ్గా కాంట్రాక్టరు పేరు రాస్తే అటు దాస్తుంది, రోజూ మీ పని చూసే ప్లాంటుకి దాచదు. అలాగే కంపెనీ పేరు టైపు చేసేటప్పుడు కింద వచ్చే జాబితాలోంచి ముద్రతో ఉన్న పేజీని ఎంచుకోవాలి. ఏదో స్పెల్లింగుతో ఊరికే రాసి వదిలేస్తే పక్కన బూడిద రంగు బొమ్మ వస్తుంది. అలా వచ్చిందంటే మీ ఉద్యోగం ఏ కంపెనీ పేజీకీ ముడిపడలేదని అర్థం, ఎవరికి దాచాలో తెలియడానికి ఆధారం లేదు. మన కుర్రాడికి అదే బొమ్మ ఉంది. ముందు దాన్ని సరిచేసి, రెండు రోజులు ఆగి, అప్పుడు `Recruiters only` పెట్టించాం. ఊరు మాత్రం రాయగడే ఉంచి, కావాల్సిన చోటు విశాఖపట్నం అని ఆ పేజీలోనే ఇచ్చాం. ప్రొఫైలులో ఊరు మార్చడం మళ్లీ ఒక ప్రకటన.

ఇంకో రంధ్రం కన్సల్టెన్సీలు. వాళ్లు మీ కంపెనీ ఉద్యోగులు కారు, కాబట్టి వాళ్లకి మీరు కనబడతారు. వాళ్లలో ఎవరైనా మీ కంపెనీకే మనుషుల్ని చూసిపెట్టేవాళ్లయితే? నౌకరీ డాట్ కామ్‌లోనూ ఇదే చిక్కు. అక్కడ మీ కంపెనీని బ్లాక్ చేసుకునే వీలుంది, తప్పకుండా చెయ్యండి, దాని గ్రూపు కంపెనీల పేర్లు కూడా విడివిడిగా వెతికి చేర్చండి. అది ఆ పేరుతో ఉన్న ఖాతాలకే తలుపు మూస్తుంది, మధ్యవర్తులకి మూయదు.

దీనికి దగ్గర బంధువు ఇంకో ఉచ్చు. మన సభ్యుడొకరు రెండేళ్ల కింద ఒక ప్రకటన చూసి దరఖాస్తు పెట్టారు. దక్షిణ ఒడిశాలో పేరున్న అల్యూమినా సంస్థకి అనుభవజ్ఞులు కావాలని ఉంది, కంపెనీ పేరు లేదు. పదిరోజులకి ఆయన రెజ్యూమె ఆయన సొంత హెచ్ఆర్ బల్ల మీదికి చేరింది. మన పక్క అల్యూమినా సంస్థలు ఎన్ని ఉన్నాయని? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పేరు దాచిన ప్రకటన మన రంగంలో, మన జిల్లాల్లో వస్తే ముందు కన్సల్టెంటుకి ఫోన్ చేసి కంపెనీ ఏదో అడగండి. చెప్పకపోతే రెజ్యూమె పంపొద్దు.

వీటన్నిటికన్నా ఎక్కువమంది పట్టుబడేది ఒక చిన్న మాట దగ్గర. ఎవరో ఖాళీల పోస్టు పెడితే కింద "ఇంటరెస్టెడ్" అని రాస్తారు, లేదా లైకు కొడతారు. అది మన పరిచయస్తుల పేజీల్లోకి వెళ్తుంది. అన్ని స్విచ్‌లూ సరిగ్గా పెట్టుకుని ఇలా బజారులో కేక వేసినవాళ్లని ముగ్గుర్ని చూశాం. పోస్టు పెట్టినాయనకి నేరుగా సందేశం పంపండి. పరిచయస్తుల జాబితా ఇతరులకి కనబడకుండా పెట్టే స్విచ్ కూడా ఉంది, వారంలో పదిమంది రిక్రూటర్లని కలుపుకునేవాళ్లకి అది అవసరం. ఉమ్మడి పరిచయస్తులు మాత్రం అప్పటికీ కనబడతారు. ఇతరుల ప్రొఫైళ్లు చూసేటప్పుడు మన పేరు తెలియకుండా ఉండే ప్రైవేట్ మోడ్ ఉంది గానీ, దాన్ని ఎప్పుడూ పెట్టుకుని ఉండమని మేము చెప్పం. విశాఖ రిక్రూటరుకి మన పేరు కనబడితే మంచిదే గదా. ఉచిత ఖాతాలో అది పెట్టుకుంటే మనల్ని ఎవరు చూశారో మనకీ తెలియదు.

ప్రభుత్వ రంగంలో ఉన్నవాళ్లకి ఒక్క మాట. సునాబేడ హాల్‌లోనో, దామన్‌జోడి నాల్కోలోనో పర్మనెంటు ఉద్యోగంలో ఉండి, మరో ప్రభుత్వ సంస్థకో ప్రభుత్వ శాఖకో దరఖాస్తు పెడితే, ప్రకటనలో సాధారణంగా సరైన మార్గంలో పంపమనో, ఇంటర్వ్యూ నాటికి ఎన్‌వోసీ తెమ్మనో ఉంటుంది. అక్కడ ఏ స్విచ్ ఆపినా ఆఫీసుకి తెలియక తప్పదు. ముందే లెక్కలో వేసుకుని, ఎప్పుడు అడగాలో మీరే నిర్ణయించుకోండి.

ఇక సంఘం వైపు నుంచి. కమిటీలో మాట్లాడుకుని ఒక నిర్ణయం ప్రతిపాదిస్తున్నాం, వచ్చే సర్వసభ్య సమావేశంలో చర్చకి పెడతాం. గ్రూపులో ఎవరి రెజ్యూమె ఎవరూ పెట్టకూడదు, మేనల్లుడిదైనా, సొంత కొడుకుదైనా. పెడితే నిమిషాల్లో తీసేస్తాం, పెద్దలు మనసు కష్టపెట్టుకోవద్దు. సాయం కావాలన్నవాళ్లు కమిటీలో ఇద్దరికి మాత్రమే విడిగా పంపాలి, ఆ ఇద్దరూ వేరే వేరే కంపెనీల వాళ్లై ఉండాలి. తెలిసినచోట చెప్పే ముందు ఆ మనిషినే అడిగి చెప్పాలి. ఖాళీల సమాచారం మాత్రం గ్రూపులో ధారాళంగా పెట్టండి, దాని కింద ఎవరూ "ఇంటరెస్టెడ్" అని రాయొద్దు.

కొందరు దీన్ని అతి జాగ్రత్త అంటున్నారు. సంఘం ఉన్నదే ఒకరికొకరు చెప్పుకోడానికి, అక్కడ కూడా గుట్టెందుకని. అభ్యంతరం ఉన్నవాళ్లు కింద రాయండి, సమావేశంలో చదువుతాం. మన కుర్రాడికి ఈ వారం విశాఖ నుంచి ఒక రిక్రూటరు సందేశం వచ్చింది. ఏ కంపెనీయో మేము అడగలేదు, అతనూ చెప్పలేదు.

వచ్చే ఆదివారం సాయంత్రం అయిదింటికి సంఘం హాల్లో మళ్లీ కూర్చుంటున్నాం. ఖాతా చూపించుకోవాలనుకున్నవాళ్లు రండి. సొంత ఫోన్ తెచ్చుకోండి, ఆఫీసు ల్యాప్‌టాపు వద్దు. పాన్ కార్డు, పదో తరగతి సర్టిఫికెట్టు జెరాక్సు కూడా తెస్తే పేరు స్పెల్లింగు సంగతి అక్కడే తేల్చేద్దాం.